కన్వర్టిబుల్ డిబెంచర్ అప్పా, ఈక్విటీయా? 1966 నుంచి తెగని లెక్క

కావాలంటే షేర్లుగా మార్చుకోగల అప్పు పత్రాలు, అంటే కన్వర్టిబుల్ డిబెంచర్లు, అమ్మగా వచ్చిన డబ్బంతా అప్పు కింద చూపాలా, అందులో కొంత విడదీసి ఈక్విటీలో, అంటే వాటాదారుల సొమ్ములో, వేయాలా? ఈ ప్రశ్నకు అమెరికా 1966లో విడదీయమంది, ఏడాదికే ఆగమంది, 1969లో అసలు వద్దంది, 2008లో కొన్నింటికి మాత్రం విడదీయమంది, 2020లో మళ్ళీ వద్దంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 32 మాత్రం 1995లో విడదీయాలని చెప్పి ఆ మాట మీదే ఉండిపోయింది. కూడికలు, తీసివేతలు రాక ఇన్నిసార్లు మాట మార్చలేదు. గొడవంతా వడ్డీ ఖర్చు గురించే.

ముందు ఒక లెక్క చూద్దాం, కరెన్సీ మీకు నచ్చింది పెట్టుకోండి. ఒక కంపెనీ 10,00,000 విలువకు మూడేళ్ల డిబెంచర్లు ముఖ విలువకే అమ్మింది, కూపన్, అంటే నగదుగా కట్టే వడ్డీ, ఏడాదికి 6 శాతం, గడువులోపు ఎప్పుడైనా ముందే ఖాయం చేసిన సంఖ్యలో షేర్లుగా మార్చుకోవచ్చు. షేర్లుగా మారే వీలు లేని మామూలు డిబెంచర్ ఇదే కంపెనీ అమ్మి ఉంటే 9 శాతం ఇవ్వాల్సి వచ్చేది. మరి జనం 6 శాతానికే ఎందుకు ఇచ్చారు? షేరు ధర పెరిగితే లాభం తమకు దక్కే హక్కు కూడా చేతికొచ్చింది కాబట్టి. అంటే కంపెనీ ఒకేసారి రెండు వస్తువులు అమ్మింది, రెండింటికీ కలిపి ఒకే ధర తీసుకుంది.

విడదీయడం ఇలా. మూడేళ్లపాటు వచ్చే 60,000 వడ్డీలను, చివర్లో తిరిగివ్వాల్సిన 10,00,000ను 9 శాతంతో డిస్కౌంట్ చేస్తే ఇవాళ్టి విలువ 9,24,061 వస్తుంది. అది అప్పు భాగం. మిగిలిన 75,939 ఈక్విటీ భాగం. ఇక మొదటి ఏడాది వడ్డీ ఖర్చు 60,000 కాదు, 9,24,061 మీద 9 శాతం, అంటే 83,166. నగదుగా కట్టింది 60,000 మాత్రమే కాబట్టి తేడా 23,166 అప్పుకు కలుస్తుంది. రెండో ఏడాది చివరికి అప్పు 9,72,477, మూడో ఏడాది చివరికి సరిగ్గా 10,00,000. మొదట్లో ఈక్విటీకి వెళ్లిన 75,939 మొత్తం మూడేళ్లలో వడ్డీ ఖర్చు రూపంలో లాభాన్ని తింటుంది. కంపెనీలకు మంట పుట్టించేది ఇదే, జేబులోంచి పోని డబ్బు లాభంలోంచి పోతోంది కదా.

1960లలో అమెరికాలో పెద్ద కంపెనీలు వరసపెట్టి ఇతర కంపెనీలను కొంటున్న రోజుల్లో కన్వర్టిబుల్ కాగితాలు బాగా చెల్లుబాటయ్యాయి. తక్కువ కూపన్, పుస్తకాల్లో తక్కువ వడ్డీ ఖర్చు, షేర్లు ఇంకా జారీ కాలేదు. 1966 డిసెంబర్‌లో అక్కడి అకౌంటింగ్ ప్రిన్సిపుల్స్ బోర్డు పదో అభిప్రాయంలో మార్పిడి హక్కు విలువను విడిగా చూపాలని రాసింది. వాదన సూటిగానే ఉంది: డిబెంచర్‌తో పాటు విడి వారంట్, అంటే ముందే ఖాయమైన ధరకు షేర్లు కొనే హక్కు, ఇచ్చినప్పుడు ధరను రెండుగా పంచుతున్నాం, ఇక్కడా ఇచ్చింది అలాంటి హక్కే. దాని మీద వచ్చిన ఒత్తిడికి 1967 డిసెంబర్‌లో పన్నెండో అభిప్రాయం ఆ పేరాలను, అవి అమల్లోకి వచ్చిన తేదీ నుంచే వర్తించేలా, పక్కన పెట్టేసింది. 1969 మార్చిలో పద్నాలుగో అభిప్రాయం వచ్చి విడి వారంట్లను మాత్రం వేరు చేయండి, కన్వర్టిబుల్‌ను మొత్తం అప్పుగానే ఉంచండి అంది.

అది చెప్పిన కారణాల్లో ఒకటి ఆలోచించదగ్గదే. వారంట్ వాడుకున్నా బాండ్ చేతిలోనే ఉంటుంది, రెండూ విడివిడిగా అమ్ముకోవచ్చు. కన్వర్టిబుల్‌లో అలా కుదరదు, షేరు కావాలంటే బాండ్ వదులుకోవాలి. రెండో కారణం, విడిగా సంతలో ధర పలకని హక్కుకు విలువ కట్టడం ఊహే అవుతుందని. నాకు మొదటిది అంత గట్టిగా అనిపించదు (విడదీసి అమ్మలేనంత మాత్రాన కొన్నవాడు దానికి డబ్బు ఇవ్వలేదనలేం కదా), రెండోది మాత్రం నిజంగానే నొప్పి.

ఐఏఎస్ 32 ఆ నొప్పిని తప్పించుకోలేదు, చోటు మార్చింది. 1995 నాటి రూపంలో విలువ కట్టడానికి ఒకటికి మించి దారులు ఉండేవి. 2003 సవరణలో ఒక్కటే మిగిలింది: మార్పిడి హక్కు లేని అప్పుకు విలువ కట్టు, మొత్తంలోంచి తీసెయ్, మిగిలిందే ఈక్విటీ. హక్కు ధరను ఊహించే పని తప్పింది, కానీ 9 శాతం అన్న అంకెను ఎవరో ఒకరు తేల్చాలి. అదే డిబెంచర్‌కు 10 శాతం అనుకుంటే ఈక్విటీ భాగం 75,939 నుంచి 99,474కు ఎగబాకుతుంది. ఒక్క శాతానికి ఇంత తేడా. అందుకే ఇలాంటి లెక్క చూసినప్పుడు ముందు అడగాల్సింది ఈ రేటు ఎక్కడినుంచి తెచ్చారని. కూపన్ రేటుతోనే డిస్కౌంట్ చేస్తే ఈక్విటీ సున్నా అవుతుంది, అలా వస్తే అక్కడే తప్పు దొరికినట్టు.

ఇంకో మెలిక. మారే షేర్ల సంఖ్య ముందే ఖాయమై ఉండాలి, వాటికి వదులుకునే మొత్తమూ ఖాయమై ఉండాలి. షేరు ధర పడితే ఇంకా ఎక్కువ షేర్లిస్తామని ఒప్పందంలో ఒక షరతు ఉంటే మార్పిడి హక్కు ఈక్విటీ కాదు, డెరివేటివ్ అప్పు అవుతుంది, ప్రతి పద్దు తేదీకీ దాని విలువ మార్పు లాభనష్టాల్లో పడుతుంది. ఆ షరతు తరచూ ఒప్పందంలో ఎక్కడో లోపలి పేజీల్లో ఉంటుంది, లెక్క వేసేవాడు మొదటి పేజీలోని మార్పిడి నిష్పత్తి చూసి సరిపెట్టుకుంటే పని మళ్ళీ మొదటికొస్తుంది. ఇక షేర్లుగా మారక తప్పని డిబెంచర్లలో అసలు తిరిగివ్వడమే ఉండదు కాబట్టి అప్పు భాగం అంటే వడ్డీల విలువ మాత్రమే, మన లెక్కలో 1,51,878.

ఒకసారి విడదీశాక షేరు ధర పెరిగింది, ఇక అందరూ మార్చుకునేలా ఉన్నారని మళ్ళీ కదపకూడదు. రెండేళ్లకు అందరూ మార్చుకుంటే అప్పుగా ఉన్న 9,72,477 ఈక్విటీలోకి మారుతుంది, లాభం లేదు, నష్టం లేదు. ఎవరూ మార్చుకోకపోయినా మొదటి 75,939 ఈక్విటీలోనే ఉండిపోతుంది, ఆదాయంగా వెనక్కి రాదు.

అమెరికాలో కథ 2000ల్లో మళ్ళీ లేచింది. అసలు మొత్తాన్ని నగదులో తీర్చి పైన వచ్చే లాభం మాత్రమే షేర్లలో ఇచ్చే బాండ్లు పెరిగాయి, కూపన్ కొన్నిట్లో సున్నా, పుస్తకాల్లో వడ్డీ ఖర్చు దాదాపు లేదు. 2008 మేలో అక్కడి ప్రమాణాల బోర్డు అలాంటివాటిని విడదీయమంది. దాంతో కన్వర్టిబుల్స్‌కు ఐదు వేర్వేరు పద్ధతులు పోగయ్యాయి, ఏది ఎప్పుడు వాడాలో తేల్చడమే పెద్ద టెన్షన్ అయింది, చదివే పెట్టుబడిదారులేమో ఆ అదనపు వడ్డీని తీసేసి కూపన్‌నే చూసుకుంటున్నామన్నారు. 2020 ఆగస్టు సవరణతో విభజన పోయింది. డెరివేటివ్‌గా వేరు చేయాల్సినవి, ముఖ విలువకు మించి భారీ ప్రీమియంతో జారీ చేసినవి లాంటి కొన్ని మాత్రం మినహాయింపులుగా మిగిలాయి. బదులుగా ఒక్కో షేరు ఆదాయం లెక్కలో అవన్నీ షేర్లుగా మారినట్టే చూపే పద్ధతి తప్పనిసరి అయింది.

కాబట్టి ఇవాళ మన 10,00,000 డిబెంచర్‌నే తీసుకుంటే, ఐఏఎస్ 32 ప్రకారం రాసే కంపెనీ మొదటి ఏడాది వడ్డీ ఖర్చు 83,166 చూపుతుంది, అమెరికా పద్ధతిలో రాసేది, జారీ ఖర్చులు పక్కన పెడితే, 60,000 చూపుతుంది. బ్యాంకు నుంచి వెళ్లింది ఇద్దరికీ 60,000.