15వ సెకను శాతం ఎక్కువుంటే హుక్ బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

వంటల ఛానెళ్లకి యూట్యూబ్ అనలిటిక్స్ చూసిపెట్టడం నా పని. హుక్ అంటే చూసేవాళ్లని పట్టి కూర్చోబెట్టాల్సిన వీడియో మొదటి కొన్ని సెకన్లు. అది బాగుందా లేదా అని తేల్చేటప్పుడు ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: ఒకే రకం వీడియోలు పక్కపక్కన పెట్టి, 0:15 దగ్గర దేనికి ఎక్కువ శాతం మంది ఇంకా చూస్తూ మిగిలితే దాని హుక్ గెలిచినట్టు.

వాస్తవం: చూడటానికి వచ్చింది ఎవరన్నది కూడా ఆ శాతంలో కలిసిపోయి ఉంటుంది. సబ్‌స్క్రైబర్లు మీరేం చెప్పినా కాసేపు కూర్చుంటారు, హోమ్ పేజీలో థంబ్‌నెయిల్ చూసి నొక్కిన కొత్తవాళ్లకి అంత ఓపిక ఉండదు. ఉదాహరణకి గుత్తి వంకాయ వీడియోకి 1,000 వ్యూస్ వచ్చాయనుకోండి, అందులో 700 సబ్‌స్క్రైబర్లవి. 15వ సెకనుకి వాళ్లలో 82 శాతం, మిగతా 300లో 50 శాతం ఉన్నారు, అంటే మొత్తం మీద 72.4. గోంగూర పచ్చడికీ 1,000 వ్యూసే, కానీ సబ్‌స్క్రైబర్లవి 300 మాత్రమే. వాళ్లలో 86 శాతం, కొత్తవాళ్లలో 56 శాతం ఉన్నారు, మొత్తం 65. చూశారా, రెండు గుంపుల్లోనూ గోంగూరే ముందుంది, అయినా పైపైన చూసినవాళ్లు వంకాయ హుక్‌నే కాపీ కొడతారు! అందుకే ఏ సెకనుకి ఎంత శాతం మిగిలారో గీతగా చూపించే రిటెన్షన్ గ్రాఫ్‌లో సబ్‌స్క్రైబర్లని, కానివాళ్లని విడదీసి, కానివాళ్ల గీతలనే పోల్చండి. అన్ని వీడియోలకీ విడుదలైన మొదటి వారమే తీసుకోండి, ఎందుకంటే పాత వీడియో దగ్గరికి రోజులు గడిచేకొద్దీ వేరే రకం జనం వస్తుంటారు.

అపోహ: 15వ సెకను దగ్గర అంకె ఒకటే అయితే హుక్‌లూ ఒకటే.

వాస్తవం: గీత అక్కడిదాకా ఎలా దిగిందో చూడాలి. రెండు వీడియోలూ 65 దగ్గరే ఉన్నాయనుకోండి. ఒకటి నాలుగో సెకనుకే 70కి పడి, తర్వాత దాదాపు నిలకడగా సాగింది. అంత త్వరగా వెళ్లిపోయినవాళ్లు మీ మాట విననే లేదు, టైటిల్ చూసి అనుకున్నది మొదటి షాట్‌లో కనబడక వెళ్లారని నేనైతే అనుమానిస్తాను. రెండోది నాలుగో సెకనులో 88 ఉండి, మ్యూజిక్‌తో లోగో తిరుగుతున్న ఆరు సెకన్లలో జారిపోయింది. దీనికి లోగో తీసేస్తే చాలు, మొదటిదానికి థంబ్‌నెయిల్లో చూపించిన కూరనే ముందు చూపించాలి.

అపోహ: నిడివి ఎంతైనా 15 సెకన్లు 15 సెకన్లే.

వాస్తవం: యూట్యూబ్ ఏపీఐ నుంచి డేటా లాగి షీట్‌లో పోల్చేవాళ్లు దీన్ని గమనించాలి. అక్కడ ఏ వీడియోనైనా 100 ముక్కలుగానే ఇస్తుంది. 5 నిమిషాల వీడియోలో ఒక్కో ముక్క 3 సెకన్లు, 20 నిమిషాలదానిలో 12 సెకన్లు, కాబట్టి పెద్ద వీడియోలో 15వ సెకను విడిగా దొరకదు. ఇంచుమించు ఒకే నిడివి ఉన్నవాటినే ఒక బ్యాచ్‌గా పెట్టుకోండి.

అపోహ: రెండు వందల వ్యూస్ వస్తే తేల్చేయొచ్చు.

వాస్తవం: 200 వ్యూస్‌లో 15వ సెకనుకి 55 శాతం మిగిలారంటే అటూ ఇటూ 7 పాయింట్ల తేడా కేవలం యాదృచ్ఛికంగానే రావచ్చు. 2,000 దాటితే అది రెండు పాయింట్ల చిల్లరకి తగ్గుతుంది.