‘ముందు అప్పు తీసుకున్నవాడినే అడుగుతారు కదా?’: హామీ సంతకంపై అపోహలు, వాస్తవాలు

బ్యాంకులో మొండిబకాయిల వసూలు నా పని. నోటీసు పట్టుకుని వచ్చే హామీదారులు దాదాపు అందరూ అనే మాట ఒకటే: "అప్పు వాడిదండీ. ముందు వాడి ఆస్తి అమ్ముకోండి, చాలకపోతే అప్పుడు నన్ను అడగండి."

అలాంటి వరస చట్టంలో లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో హామీదారుదీ అంతే. ముందు అసలు రుణగ్రహీత మీద అన్ని మార్గాలూ ప్రయత్నించాకే హామీదారు దగ్గరకు రావాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. ఇక బ్యాంకు ఎవరిని పట్టుకుంటుంది? ఊరు వదిలిపోయినవాడినా, ఒకటో తారీఖున జీతం పడే మిమ్మల్నా?

ఒక మాస్టారి సంగతి చెబుతాను. స్నేహితుడి బట్టల కొట్టు కోసం 8 లక్షల అప్పుకు హామీ ఉన్నారు. 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు, నెలకు సుమారు 17,800 కిస్తు. స్నేహితుడు 14 కిస్తులు కట్టి, కొట్టు మూసేసి మాయమయ్యాడు. అప్పటికి అసలే ఆరున్నర లక్షలు మిగిలింది. 90 రోజులు దాటాక ఖాతా మొండిబకాయి అయింది. మాస్టారు ఇంటి రుణానికి వెళితే ఆయన క్రెడిట్ రిపోర్టులో ఈ బాకీ కనిపించి దరఖాస్తు వెనక్కి వచ్చింది. అదే శాఖలో కూతురి పెళ్లికి దాచిన డిపాజిట్‌ను బాకీ కింద జమ చేసుకునే అధికారం కూడా ఆయన సంతకం చేసిన హామీపత్రంలోనే ఉంది. "నేను చదవలేదండీ" అన్నారు. పాపం, ఎవరు చదువుతారు! బాకీ కట్టినవారు ఆ సొమ్ము స్నేహితుడి నుంచి రాబట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. వాడి దగ్గర ఉంటేగా.

"సాక్షి సంతకమే" అంటారు. కాదు, పైన ఏమని రాసి ఉందో చూడండి. "తర్వాత ఉత్తరం రాసి తప్పుకుంటాను" అంటారు. సొమ్ము విడుదలయ్యాక బ్యాంకు ఒప్పుకుంటే తప్ప కుదరదు.

హామీ ఉండమని స్నేహితుడు అడిగితే కాదనడం ఎలా? అడిగిన రోజే చెప్పండి. "చూద్దాంలే" అంటే అతడు ఆశ పెట్టుకుని మరొకరిని అడగడు, కోపం రెట్టింపవుతుంది. "ఇంట్లో ఒప్పుకోవడం లేదు" అని భార్య మీదికి నెట్టకండి. అతడు మీ ఇంటికొచ్చి ఆవిడనే బతిమాలతాడు. నేనైతే ఇలా అంటాను: "ఒరేయ్, నీ మీద అనుమానం కాదు. వ్యాపారం దెబ్బతింటే ఆ బాకీ తీర్చే స్తోమత నాకు లేదు. అందుకే ఎవరికీ హామీ ఉండను, నా తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. ఓ ఇరవై వేలు ఇవ్వగలను, తిరిగి ఇవ్వకపోయినా అడగను. తాకట్టు లేకుండా ముద్ర రుణం వస్తుందేమో రేపు ఇద్దరం వెళ్లి మేనేజరును అడుగుదాం." తమ్ముడి మాట నిజమైతేనే చెప్పండి. ఆ ఇరవై వేలూ పోయినా ఫర్వాలేదనుకున్న సొమ్మే కావాలి.