ఒకే పేరా మూడు చోట్ల పెడితే: బయో, రెజ్యూమె సమ్మరీ, అబౌట్‌లపై అపోహలు - వాస్తవాలు

రెజ్యూమెలు దిద్దడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒకే పేరా ఉంటుంది. రెజ్యూమె పైన అదే, లింక్డిన్ అబౌట్‌లో అదే, సెమినార్ వాళ్లు "ఒక చిన్న బయో పంపండి" అంటే అదే. పోయిన ఏడాది ఒక ఫార్మా కెమిస్ట్ గారు అలాగే వచ్చారు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో 11 ఏళ్ల అనుభవం. టీమ్ లీడ్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారు, తను చదివిన కాలేజీలో ప్రసంగానికి పిలుపు వచ్చింది, లింక్డిన్ పేజీ కూడా సరిచేసుకోవాలి. మూడు పనులూ ఒకే నెలలో పడ్డాయి. ఆవిడ పేరా ఇలా మొదలయ్యేది: "కష్టపడే తత్వం, టీమ్ స్పిరిట్ ఉన్న డైనమిక్ ప్రొఫెషనల్‌ని. నా నైపుణ్యాలు వాడుకునే సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుకుంటున్నాను."

అపోహ: మూడూ ఒకటే, పొడవే తేడా.

పొడవు కంటే ముందు చూడాల్సింది అవతల ఎవరున్నారని. రెజ్యూమె సమ్మరీ చదివే మనిషి ఒక ఖాళీ పోస్టు ముందు పెట్టుకుని, దానికి మీరు సరిపోతారా అని చూస్తున్నాడు. అబౌట్ చదివే మనిషి ముందు ఏ పోస్టూ ఉండకపోవచ్చు. మీరెక్కడో పెట్టిన కామెంట్ చూసి, ఎవరీ మనిషి అని పేరు మీద నొక్కి వచ్చాడు. సభలో బయోనైతే వినేవాళ్లెవరూ చదవరు. దాన్ని యాంకర్ మైకులో చదువుతారు, సభ వింటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. రెజ్యూమె సమ్మరీని ప్రతి ఉద్యోగానికీ మార్చి పంపొచ్చు. అబౌట్ అందరికీ ఒకటే. మీ ప్రస్తుత మేనేజర్ కూడా దాన్నే చూస్తాడు.

అపోహ: సమ్మరీలో మనకేం కావాలో రాయాలి.

ఇది పాత "ఆబ్జెక్టివ్" అలవాటు. అప్లై చేశారంటేనే ఆ ఉద్యోగం కావాలని అర్థం, మళ్లీ చెప్పక్కర్లేదు. ఫ్రెషర్లు, రంగం మారేవాళ్లు మాత్రం ఏ వైపు వెళ్లాలనుకుంటున్నారో ఒక ముక్క రాయొచ్చు, ఎందుకంటే పాత అనుభవం చూసి అది తెలియదు.

కెమిస్ట్ గారి కోసం ముందు ఉద్యోగ ప్రకటన తీసి పక్కన పెట్టుకున్నాం. అందులో నాలుగు అడిగారు: మందులో ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పట్టు, దాని ఫలితాలు లెక్కగట్టే ఎంపవర్ సాఫ్ట్‌వేర్, ఆడిట్ అనుభవం, టీమ్‌ని నడిపిన అనుభవం. ఆవిడ పేరాలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. చేసిన పనిలో మాత్రం నాలుగూ ఉన్నాయి! అసలు రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే రాశాం, తెలుగులో చెప్తే దాని సారం ఇది:

> ట్యాబ్లెట్ ఫార్ములేషన్ల క్యూసీలో 11 ఏళ్ల అనుభవం. హెచ్‌పీఎల్‌సీ, డిజల్యూషన్ పరీక్షలు. ఎంపవర్‌లో రోజువారీ పని. మూడేళ్లుగా ఆరుగురు అనలిస్టుల షిఫ్టు బాధ్యత. ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు, రెండు యూఎస్ఎఫ్‌డీఏ తనిఖీల్లో ల్యాబ్ రికార్డులు చూపించిన అనుభవం.

ఓఓఎస్ అంటే పరీక్ష ఫలితం ఉండాల్సిన హద్దులు దాటడం. ఈ సమ్మరీలో "నేను" ఎక్కడా లేదు, గుణగణాల వర్ణనా లేదు. మొదట చూసే రిక్రూటర్ కెమిస్ట్ కాకపోవచ్చు, అతను ప్రకటనలోని మాటలే ఇక్కడ వెతుక్కుంటాడు. అవి దొరికితే రెజ్యూమె ల్యాబ్ మేనేజర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన ఈ వాక్యాలు పట్టుకునే ఇంటర్వ్యూలో ప్రశ్నలేస్తాడు. అందుకే ఆవిడతో ఒక్కో ముక్క చదివించి, "దీని మీద ఐదు నిమిషాలు మాట్లాడగలరా?" అని అడిగాను. మొదటి డ్రాఫ్ట్‌లో "మెథడ్ వ్యాలిడేషన్" అని కూడా ఉంది. ఒకసారి పక్కన నిలబడి చూశారట, అంతే. తీసేశాం.

కనిపించకుండా తెల్ల అక్షరాల్లో కీవర్డ్స్ నింపితే రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్ దాటించేస్తుందని కొందరి నమ్మకం. సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలోంచి టెక్స్ట్‌ని లాగినప్పుడు రంగు పోతుంది, మాటలు మిగులుతాయి. తెరిచి చూసినవాళ్లకి ఆ చెత్తంతా కనిపిస్తుంది.

అపోహ: అబౌట్‌ని "ఆవిడ", "ఆయన" అని రాస్తే హుందాగా ఉంటుంది.

పేజీ మీద మీ పేరు, మీ ఫొటో ఉన్నాయి. అక్కడ మీ గురించి మీరే "ఆవిడ నిపుణురాలు" అంటే వింతగా ఉంటుంది. అబౌట్‌లో "నేను" అనే రాయండి.

లింక్డిన్ అబౌట్‌కి 2,600 అక్షరాల వరకు చోటిస్తుంది. దొరికింది కదా అని నింపక్కర్లేదు. పేజీ తెరవగానే కనిపించేవి మొదటి కొద్ది లైన్లే, మిగతాది చూడాలంటే నొక్కాలి. "నా ప్రొఫైల్‌కి స్వాగతం" అని మొదలుపెడితే ఆ లైన్లు అక్కడే అయిపోతాయి. మేం మొదట పెట్టిన వాక్యం ఇది: "ఒక ట్యాబ్లెట్ బ్యాచ్ పరీక్షలో లెక్క తప్పితే, తప్పు మందుదా, మెషీన్‌దా, మనిషిదా అని తేల్చడం నా పని." ఫార్మాతో సంబంధం లేనివాళ్లకి కూడా అది అర్థమవుతుంది. తర్వాత ఈ పనిలోకి ఎలా వచ్చారు, కొత్త అనలిస్టులకి ఏం నేర్పుతారు, ఏ విషయాల మీద తనకి మెసేజ్ చేయొచ్చు అన్నవి చిన్న పేరాల్లో రాశాం.

ఆవిడ ఉత్సాహంగా ఒక ఫెయిలైన బ్యాచ్ కథ కూడా రాసుకొచ్చారు. మంచి కథే, కానీ అది కంపెనీ లోపలి విషయం. ఇంటర్వ్యూలోనే వివరాలు ఆచితూచి చెప్పాలి, ఇక అందరూ చూసే పేజీలో అసలు కుదరదు.

తెలుగులో రాసేవాళ్లకి ఒక మాట. ఇలా అక్షరాల పరిమితి ఉన్న చోట్ల గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కలోకొస్తాయి. "తెలుగు" మనకి మూడక్షరాలు, కంప్యూటర్‌కి ఆరు.

అపోహ: బయో చిన్నది, ఐదు నిమిషాల పని.

నన్నడిగితే మూడింట్లో ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. ఇది ఇంకొకరి నోట్లోంచి వస్తుంది కాబట్టి "ఆవిడ" అనే రాయాలి. ఒక సభలో యాంకర్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు "నేను 20 ఏళ్లుగా..." అని చదివేసరికి హాలంతా నవ్వింది. పొడి అక్షరాలూ ప్రమాదమే, "ఓఓఎస్"ని "ఊస్" అని చదివినవాళ్లున్నారు.

వినే విద్యార్థులకి కావాల్సింది ఒక్కటే: ఈ విషయం మీద ఈవిడ మాట ఎందుకు వినాలి? అందుకని రెజ్యూమెలో అడుగున ఉండే చదువు ఇక్కడ ముందుకొచ్చింది:

> "ఇదే కాలేజీలో, ఇదే ల్యాబ్‌లో చదువుకున్న ఆవిడ 11 ఏళ్లుగా మందుల నాణ్యత పరీక్షిస్తున్నారు. అమెరికా ఔషధ తనిఖీ అధికారులు వచ్చినప్పుడు తమ ల్యాబ్ రికార్డులు వివరించినవాళ్లలో ఒకరు. చదువు పూర్తయ్యాక ల్యాబ్‌లో మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఇవాళ చెప్తారు."

ఎంపవర్, డిజల్యూషన్ లేవు. ఫోన్‌లో టైమర్ పెట్టి వాళ్లబ్బాయితో గట్టిగా చదివించమన్నాను, ఎక్కడ తడబడతాడో చూడమన్నాను. అరనిమిషం లోపే అయింది. తడబడింది "ఔషధ తనిఖీ అధికారులు" దగ్గర, దాన్ని "మందుల తనిఖీ అధికారులు" అని మార్చాం.

తర్వాత ఆవిడకి ఆ ఉద్యోగం వచ్చింది. రెజ్యూమె పని అయిపోయింది, అబౌట్‌ని ఆ వారమే మార్చుకున్నారు. బయో మాత్రం కాలేజీ వాళ్ల దగ్గరుండిపోయింది. ఈ ఏడాది మళ్లీ పిలిచి, పాత కాగితమే చదివారట. అప్పట్నుంచి నేను బయో ఫైలు పేరులో నెల, సంవత్సరం పెట్టి ఇస్తున్నాను.