కరెంటు బిల్లులో డిపాజిట్ వడ్డీ, అడ్వాన్సు, సర్‌ఛార్జి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్ పేరుతో కట్టించుకున్న డబ్బు మళ్ళీ మనది కాదు.

వాస్తవం: అది చార్జీ కాదు, మీ పేరున ఉండే డిపాజిట్. తెలుగు రాష్ట్రాల్లో నెలనెలా బిల్లు వచ్చే ఇంటికి రెండు నెలల సగటు బిల్లంత డిపాజిట్ ఉండాలి. గత ఏప్రిల్ నుంచి మార్చి వరకు వాడకం చూసి ఏటా లెక్క తేలుస్తారు. మీ సగటు బిల్లు ₹1,200 అయితే ఉండాల్సింది ₹2,400. ఇప్పటికే ₹1,600 ఉంటే తక్కువైన ₹800కే నోటీసు వస్తుంది. కట్టడానికి 30 రోజుల గడువు ఉంటుంది.

ఈ డిపాజిట్‌పై రిజర్వు బ్యాంకు 'బ్యాంక్ రేటు' ప్రకారం వడ్డీ ఇవ్వాలి. 2023-24లో ఆ రేటు 6.75 శాతం. పై ఇంటివారు ఆ ₹800ని 2023 అక్టోబరు 1న కట్టారనుకుందాం. పాత ₹1,600పై ఏడాది వడ్డీ ₹108, కొత్త ₹800పై ఆరు నెలలకు ₹27. మొత్తం ₹135.

అపోహ: వడ్డీ చేతికి రాలేదంటే ఇవ్వనట్టే.

వాస్తవం: నగదుగా ఇవ్వరు. మే 1 నాటికి మీరు బాకీ ఉంటే ముందు అందులో, మిగిలింది ఆ తర్వాతి బిల్లుల్లో తగ్గిస్తారు. మే, జూన్ బిల్లుల్లో సర్దుబాటు వరుస చూడండి. అక్కడ మైనస్ గుర్తుతో మొత్తం కనిపించాలి. ఏమీ లేకపోతే బిల్లులో డిపాజిట్ ఎంత చూపారో గమనించండి. ఇల్లు కొన్నాక పేరు మార్పిడిలో పాత డిపాజిట్ బదిలీ కాకపోవడం, కట్టిన ఏసీడీ ఎక్కకపోవడం తరచూ జరిగే పొరపాట్లు. రసీదు నకలుతో మీ విద్యుత్ రెవెన్యూ కార్యాలయం ఈఆర్‌ఓలో అర్జీ పెట్టి అందినట్టు సంతకం తీసుకోండి. రసీదు పారేస్తే నిరూపించడం చాలా కష్టం, దయచేసి దాచుకోండి.

అపోహ: అడ్వాన్సు కట్టాను, ఇక గడువుతో పని లేదు.

వాస్తవం: ₹1,000 అడ్వాన్సు ఉండి ₹1,180 బిల్లు వస్తే, మిగతా ₹180 గడువులోపే కట్టాలి. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే అది బకాయిగా మారి సర్‌ఛార్జి పడుతుంది. కట్టిన రోజు సర్‌ఛార్జి తీసుకోకపోతే వచ్చే బిల్లులో కలుస్తుంది, అందుకే చాలామంది దాన్ని తప్పుడు బిల్లు అనుకుంటారు. అడ్వాన్సు డిపాజిట్ ఖాతాలోకి పోదు, కాబట్టి ఏసీడీ నోటీసుకు అది జవాబు కాదు.

అపోహ: డిపాజిట్ ఉందిగా, రెండు నెలలు కట్టకపోయినా ఏం కాదు.

వాస్తవం: బాకీ ఉంటే 15 రోజుల నోటీసు ఇచ్చి సరఫరా ఆపే అధికారం విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ ఇస్తుంది. బిల్లుపై గడువు తేదీ పక్కనే డిస్‌కనెక్షన్ తేదీ కూడా ముద్రించి ఉంటుంది.