టెలికాం గదిలో వేడి లెక్క

బహుళ అంతస్తుల కార్యాలయంలో ప్రతి అంతస్తుకూ ఒక టెలికాం గది ఉంటుంది. ఆ అంతస్తులోని డేటా కేబుళ్లన్నీ అక్కడి ర్యాకుకు చేరతాయి. ర్యాకులో ఆ కేబుళ్లు వచ్చి ముగిసే ప్యాచ్ ప్యానెల్ నుంచి బల్ల దగ్గరి సాకెట్ దాకా రాగి కేబుల్ 90 మీటర్లు దాటకూడదు. అయితే ఆ పరిమితి 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు వేసిన లెక్క. రాగి వేడెక్కేకొద్దీ సంకేతం మరింత బలహీనపడుతుంది కాబట్టి, ఫాల్స్ సీలింగ్ పైన 40 డిగ్రీలు ఉంటే కవచం లేని కేబుల్‌ను సుమారు 83 మీటర్లకే ఆపాలి. హైదరాబాదు వేసవిలో ఎండ పడే స్లాబ్ కింద, ఏసీ గాలి చేరని చోట, ఈ తేడాను విస్మరించకూడదు.

ఒక అంతస్తులో 240 క్యాట్ 6ఏ రకం డేటా కేబుళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 7.5 మిల్లీమీటర్ల మందం. వాటిని రెండు దారుల్లో పంపితే, ట్రేలో 40 శాతమే నింపాలన్న లెక్కన, 300 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల లోతు ఉన్న ట్రే ఒక్కో దారికి సరిపోతుంది. మిగిలిన ఖాళీ రేపటి కేబుళ్ల కోసం. కెమెరాలకూ వైఫై పరికరాలకూ ఇదే తీగ కరెంటు కూడా మోస్తుంది కాబట్టి, కట్టకు 24 కేబుళ్లు మించకుండా వదులుగా కట్టాలి. బిగించిన పెద్ద కట్టలో నడిమి కేబుళ్ల వేడి బయటికి పోదు.

గదిని చల్లబరిచే లెక్కలోనే పొరపాట్లు ఎక్కువ. ఈ కేబుళ్లను నెట్‌వర్కుకు కలిపే 48 పోర్టుల స్విచ్‌లు 5 ఉన్నాయి. ఒక్కోటి తన పనికి 150 వాట్లు వాడుకుని, కేబుళ్ల ద్వారా 300 వాట్లు బయటికి పంపుతోంది. పవర్ సప్లై సామర్థ్యం 90 శాతమైతే అది గోడ నుంచి 500 వాట్లు లాగుతుంది. అయితే బయటికి వెళ్లిన 300 వాట్లు గదిలో వేడిగా మారవు. మిగిలేది 200 వాట్లే. ఐదింటికి 1000 వాట్లు, యూపీఎస్ నష్టం మరో 160. ఒక టన్ను ఏసీ దాదాపు 3,500 వాట్ల వేడిని తొలగించగలదు కనుక అదే చాలు. స్విచ్‌ల మీద ముద్రించిన గరిష్ఠ వాట్లను కూడి పెద్ద ఏసీ పెడితే, అది కాసేపు నడిచి ఆగిపోతూ ఉంటుంది.

అసలు చిక్కు శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. భవనపు సెంట్రల్ ఏసీ ఆగినా స్విచ్‌లు ఆగవు. 27 ఘనపు మీటర్ల గదిలోని గాలిని 1,160 వాట్లు నిమిషానికి రెండు డిగ్రీలకు పైగా వేడెక్కించగలవు. గోడలూ ఇనుమూ కొంత పీల్చుకోవడం వల్లే ఆ వేగం తగ్గుతుంది. స్విచ్ నమోదు చేసే ఉష్ణోగ్రత ప్రతి వారాంతంలో ఎక్కి సోమవారం ఉదయం దిగుతుంటే కారణం ఇదే. అందుకే ఈ గదికి సెంట్రల్ ఏసీతో సంబంధం లేకుండా, వంతులవారీగా నడిచే రెండు ఒక టన్ను యూనిట్లు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. వాటిలో ఏదీ, దాని నీటి గొట్టం కూడా, ర్యాకు పైన రాకూడదు.