గర్భిణికి రక్తం పెరగడం లేదా? ముందు మాత్రలు లెక్కపెట్టండి

అపోహ: బీట్‌రూట్, దానిమ్మ తింటే రక్తం పడుతుంది.

ఈ మధ్య 24 వారాల గర్భిణి ఒకామె అత్తగారితో కలిసి నా దగ్గరికి వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. ఎర్రకణాలు చిన్నగా ఉన్నాయి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 9 మాత్రమే. అంటే ఇది ఐరన్ లోపమే. "రోజూ బీట్‌రూట్ జ్యూస్ ఇస్తున్నామండీ, అయినా పెరగట్లేదు" అని అత్తగారు దిగులుపడ్డారు.

వాస్తవం: రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన ఐరన్ ఉన్నట్టు కాదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో ఇంకా తక్కువ. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. ఆమె తినే అన్నం, పప్పు, ఆకుకూరలన్నీ కలిపి లెక్కేస్తే 12 దాకా వచ్చింది. అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే.

అపోహ: రోజూ వేసుకున్నా రక్తం పెరగలేదంటే ఐరన్ మాత్రలు పనిచేయవు.

"మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అందుకే నేను "ఎన్ని మిగిలాయమ్మా?" అని అడుగుతాను. నెల క్రితం 30 ఇస్తే ఆమె దగ్గర ఇంకా 17 ఉన్నాయి. వికారం, మలబద్ధకం భరించలేక మానేసిందట. పైగా మాత్రలు ఎక్కువైతే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఎవరో చెప్పారట. అది నిజం కాదు.

ఒక్కో ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మానేసిన 17 మాత్రలంటే 1020 మిల్లీగ్రాములు. ఆమె తిండిలో దాదాపు మూడు నెలలకు వచ్చేంత! అందుకే నేను కంచం కన్నా ముందు స్ట్రిప్ చూస్తాను. మలం నల్లబడిందా అని కూడా అడుగుతాను. మాత్ర సరిగ్గా వేసుకుంటే సాధారణంగా నల్లబడుతుంది, దానికి భయపడక్కర్లేదు.

అపోహ: అన్ని మాత్రలూ ఒకేసారి వేసుకోవచ్చు.

వేసుకున్న 13 మాత్రలు కూడా టిఫిన్ తర్వాత కాల్షియంతో కలిపి వేసుకుంది, వెంటనే టీ తాగింది. టీలోని టానిన్లు, కాల్షియం రెండూ ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. డాక్టర్ గారు ఐరన్ రోజుకు రెండు మాత్రలు చేశారు. మేం వేళలు మార్చాం: కాల్షియం టిఫిన్‌తో, రాత్రి భోజనంతో, ఐరన్ ఉదయం 11కి, పడుకునే ముందు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల తేడాతో. టీ మానమనలేదు, మాత్రకు ముందూ తర్వాతా గంటసేపు వద్దన్నాం. వికారంగా ఉంటే మాత్రతో పాటు కొంచెం ఏదైనా తినమన్నాం. పప్పులో, తోటకూరలో నిమ్మరసం పిండుకోమన్నాం, అది తిండిలోని ఐరన్ ఒంటికి పట్టడానికి సాయపడుతుంది.

నాలుగు వారాల తర్వాత స్ట్రిప్పుల్లో నాలుగే మిగిలాయి. హిమోగ్లోబిన్ 9.7కి వచ్చింది. సరిగ్గా వేసుకున్నా నెలలో ఒక గ్రాము పెరగకపోతే బి12 లోపమో, పుట్టుకతో వచ్చే తలసేమియా అనే రక్త సమస్యో ఉందేమో డాక్టర్ పరీక్ష చేయించాలి, అవసరమైతే ఇంజెక్షన్ ఐరన్ ఇస్తారు. హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే మాత్రలు వేసుకుంటూ ఇంట్లో ఎదురుచూడకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.