మసక ఫొటోని క్లియర్ చేస్తే పోయిన ముఖం తిరిగొస్తుందా? అపోహలు - వాస్తవాలు

పాత ఫొటోల ఆధారంగా ఏఐతో పెద్దవాళ్ల చిత్రాలు చేసివ్వడం నా పని. మొన్న ఖమ్మం నుంచి ఒకాయన వాళ్ల నాయనమ్మ ఫొటో పంపారు. పెళ్లి ఆల్బమ్‌లోని గ్రూప్ ఫొటోని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెట్టారు. నాయనమ్మ ముఖం వెడల్పు 64 పిక్సెళ్లే ఉంది. "ముందు దీన్ని క్లియర్ చేసి, తర్వాత పట్టుచీరలో కూర్చున్నట్టు చేయండి" అన్నారు. ఆ కోరికలోనే నేను రోజూ వినే అపోహలు ఉన్నాయి.

అపోహ: అప్‌స్కేల్ చేస్తే, అంటే పిక్సెళ్లు పెంచి ఫొటోని పెద్దది చేస్తే, దాగి ఉన్న వివరాలు బయటికొస్తాయి.

64 పిక్సెళ్లలో కనురెప్పల వెంట్రుకలు లేవు. లేనివి ఎక్కణ్ణుంచీ రావు. ఫొటోని పెద్దది చేసే రియల్-ఈఎస్ఆర్‌గాన్ అయినా, ముఖాలను బాగుచేసే జీఎఫ్‌పీగాన్, కోడ్‌ఫార్మర్ అయినా, తాము నేర్చుకున్న ఫొటోలను బట్టి "ఇక్కడ ఇలా ఉండొచ్చు" అని ఊహించి గీస్తాయి. ముఖాల కోసం చేసిన ఈ రెండూ నేర్చుకున్నది ఫ్లికర్ నుంచి సేకరించిన 70,000 ముఖాల సెట్ మీద. అందుకే మన ఫొటోల్లో ముక్కుపుడకని మచ్చ అనుకుని చెరిపేయడం, బొట్టుని చర్మంలో కలిపేయడం నేను చాలాసార్లు చూశాను. పెదవులు మూసి నవ్వినవాళ్లకు పళ్లు కూడా వచ్చేస్తాయి.

కాబట్టి నా మొదటి పని సాఫ్ట్‌వేర్ తెరవడం కాదు, ఆయనకు ఫోన్ చేయడం. ఫొటోని ఆల్బమ్ నుంచి జాగ్రత్తగా తీసి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున, స్కాన్ చేయించమన్నాను. ఆ ఫైల్‌ని వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమన్నాను, అలా పంపితే కుదింపు ఉండదు. ప్రింట్‌లో నాయనమ్మ ముఖం వెడల్పు ఒక సెంటీమీటరు, అంటే స్కాన్‌లో దాదాపు 236 పిక్సెళ్లు. ఏ ఊహా లేకుండానే మూడున్నర రెట్లు పెరిగింది. అందులో కొంత ప్రింట్ గరుకుదనమే అయినా, ముక్కుపుడక మాత్రం స్పష్టంగా తెలిసింది.

అపోహ: రిఫరెన్స్‌గా ఇచ్చే ఫొటో ఎంత పెద్దదైతే పోలిక అంత బాగా వస్తుంది.

ఇది మీరు వాడే పద్ధతిని బట్టి ఉంటుంది. ఒక ముఖాన్ని చూసి అదే మనిషితో కొత్త బొమ్మ చేసే ఇన్‌స్టంట్‌ఐడీ లాంటివి, ముఖం గుర్తింపుని ముఖాలను గుర్తుపట్టే ఆర్క్‌ఫేస్ రకం మోడల్‌తో తీసుకుంటాయి. అది ముఖాన్ని 112×112కి కుదించి చూస్తుంది. 236 పిక్సెళ్ల ముఖాన్ని 2000 చేసి ఇచ్చినా అది మళ్లీ 112కే తగ్గిస్తుంది. పైగా మధ్యలో రిస్టోరేషన్, అంటే ముఖాన్ని బాగుచేసే పని, కళ్ల ఆకారం మార్చేస్తే, ఆ మారిన ముఖాన్నే నాయనమ్మ అనుకుంటుంది. అందుకే ఇలాంటి చోట నేను రిస్టోర్ చేయని స్కాన్‌నే ఇస్తాను. ఇచ్చిన ఫొటోనే మార్చి కొత్త బొమ్మ చేసే ఇమేజ్-టు-ఇమేజ్‌లో మాత్రం ఆ ఫొటోనే ఆధారం. మార్పు తక్కువగా పెడితే మసక కూడా అలాగే వచ్చేస్తుంది, అక్కడ రిస్టోరేషన్ నిజంగా అవసరం.

అపోహ: చూడ్డానికి బాగుంటే సరిగ్గా వచ్చినట్టే.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కోడ్‌ఫార్మర్‌లో `-w` అనే విలువ 0 నుంచి 1 వరకు ఉంటుంది. 0 వైపు వెళ్తే ముఖం నున్నగా, అందంగా వస్తుంది, పోలిక జారిపోతుంది. 1 వైపు వెళ్తే అసలు ముఖానికి దగ్గరగా ఉంటుంది, మసక కొంత మిగులుతుంది.

```
python inference_codeformer.py -w 0.8 --input_path nayanamma.png
```

నాయనమ్మ ఫొటోని 0.3తో చేస్తే వయసు పదేళ్లు తగ్గింది, ముక్కుపుడక పోయింది. 0.8తో ముడతలు నిలిచాయి, పుడక లీలగా మిగిలింది. ఆ ఫలితాన్ని అసలు స్కాన్ మీద లేయర్‌గా పెట్టి 60 శాతం మాత్రమే కనిపించేలా తగ్గించాను. ముక్కు, బొట్టు ఉన్న చోట మాస్క్ వేసి అసలు స్కాన్‌నే ఉంచాను.

తర్వాత ఫలితాన్ని మళ్లీ 236 పిక్సెళ్లకు కుదించి, స్కాన్ పక్కన పెట్టి చూస్తాను. కళ్ల మధ్య దూరం, పెదవుల అంచు కదిలితే వెంటనే తెలుస్తుంది. అయితే ఈ పరీక్ష తప్పును పట్టిస్తుందే కానీ, ఒప్పని రుజువు చేయదు. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల పల్స్ అనే పద్ధతి, కుదిస్తే మసక ఫొటోతో సరిపోయే ముఖాన్నే వెతికేది. బరాక్ ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది. ఒకే మసకకు సరిపోయే ముఖాలు ఎన్నో ఉంటాయి.

అందుకే చివరి మాట ఆమెను చూసినవాళ్లదే. బొమ్మ తయారుచేసే ముందే రిస్టోర్ చేసిన ముఖాన్ని, అసలు స్కాన్‌ని పక్కపక్కన పెట్టి ఆయనకు పంపాను. ఆయన వాళ్ల పెద్దత్తకు చూపించారు. "ముక్కు సరే, అమ్మ ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉండేది" అన్నారట ఆవిడ. స్కాన్‌లో వెతికితే నిజంగానే ఆ ఎత్తు లీలగా కనిపించింది. రిస్టోరేషన్ రెండు కనుబొమ్మల్నీ సమానం చేసేసింది. ఆ భాగానికి కూడా మాస్క్ వేసి, అప్పుడు పట్టుచీర బొమ్మ మొదలుపెట్టాను.